లేబుల్‌పై లేనంత మాత్రాన రుజువు లేనట్టు కాదు

హైదరాబాద్‌లో ఒక ఆరోగ్య బీమా కంపెనీ క్లెయిముల విభాగంలో డాక్టర్‌గా పనిచేస్తున్నాను. క్యాష్‌లెస్ కోసం ఆసుపత్రులు పంపే ఫైళ్లు చదివి, చికిత్స పాలసీ కిందికి వస్తుందో లేదో చెప్పడం నా పని. ఎక్కువ గొడవలు వచ్చేది ఒక షరతు దగ్గరే. పాలసీలో దాని పేరు ఎక్స్‌క్లూజన్ 16, అంటే రుజువు కాని చికిత్సలు. ఫలితం ఉంటుందని చెప్పడానికి తగినంత వైద్య ఆధారం లేని చికిత్సకు డబ్బు ఇవ్వరని దాని అర్థం. ఈ షరతును సరిగ్గా వాడినప్పుడూ చూశాను, తప్పుగా వాడినప్పుడూ చూశాను.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక బాబు ఫైలు వచ్చింది. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, ల్యాబ్‌లో కణాలు వేరుచేసి, అదే రోజు వెన్నులోకి ఎక్కించారు. రెండు రోజుల్లో డిశ్చార్జి. క్లెయిము తిరస్కరించాం. తండ్రి ఫోన్ చేసి, ‘డాక్టర్ గారూ, మీ పాలసీలోనే స్టెమ్ సెల్ థెరపీ ఇస్తామని రాశారు కదండీ’ అన్నాడు. నిజమే, రాసి ఉంది. కానీ ఆ వాక్యం రక్త సంబంధ జబ్బులకు చేసే బోన్ మ్యారో మార్పిడికే వర్తిస్తుంది. ల్యుకేమియా, థలసీమియా వంటివాటిలో దాని ఫలితాలు దశాబ్దాలుగా నమోదై ఉన్నాయి. మిగతా జబ్బులకు స్టెమ్ సెల్స్ వాడాలంటే అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్‌లో ఆ చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ ఫైల్లో లక్షల బిల్లుంది. ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ఎథిక్స్ కమిటీ కాగితం లేదు. ఆయనకు ఇదంతా వివరించాను. ఆ తండ్రి ఆశను సొమ్ము చేసుకున్నవాళ్ల మీద నాకు ఈనాటికీ కోపమే.

ఇక రెండో ఫైలు. దాన్ని కూడా ఇదే షరతు చూపించి తిరస్కరించారు. అప్పీలులో నా బల్ల మీదికి వచ్చింది. నలభై దాటిన స్కూలు టీచరమ్మ. జబ్బు మెంబ్రేనస్ నెఫ్రోపతి, అంటే కిడ్నీ వడపోత పొరపై శరీరంలోని యాంటీబాడీలే దాడి చేసే జబ్బు. మూత్రంలో రోజుకు ఎనిమిది గ్రాముల ప్రొటీన్ పోతోంది. కాళ్లు వాచిపోయాయి. ఆరు నెలలు బీపీ మందులు, నీరు పోయే మాత్రలు వాడినా తగ్గలేదు. నెఫ్రాలజిస్టు రిటుక్సిమాబ్ రాశారు, గ్రాము చొప్పున రెండు వారాల తేడాతో రెండుసార్లు.

రిటుక్సిమాబ్‌కు మొదట 1997లో అమెరికాలో లింఫోమా కోసం అనుమతి వచ్చింది. మన దగ్గర దాని లేబుల్‌పై ఈ కిడ్నీ జబ్బు లేదు. అందుకే తిరస్కరణ లేఖలో ‘ఆఫ్ లేబుల్, కాబట్టి రుజువు కాలేదు’ అని రాశారు. అక్కడే తప్పు జరిగింది. లేబుల్‌పై ఏముండాలన్నది తయారీ కంపెనీ ఏ జబ్బుకు అనుమతి అడిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పాత మందుకు కొత్త జబ్బు చేర్చమని మళ్లీ దరఖాస్తు పెట్టడానికి కంపెనీలు చాలాసార్లు ముందుకు రావు. షరతు అడిగేది లేబుల్ గురించి కాదు, వైద్య ఆధారం గురించి.

ఆధారం ఉంది. 2019లో వచ్చిన మెంటార్ అనే ట్రయల్‌లో 130 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రిటుక్సిమాబ్, ఇంకో జట్టుకు సైక్లోస్పోరిన్ ఇచ్చారు. ఏడాదికి రెండు జట్లలో ఫలితం దగ్గరదగ్గరగానే ఉంది. రెండేళ్లకు చూస్తే రిటుక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో నూటికి 60 మందిలో జబ్బు పూర్తిగానో కొంతవరకో అదుపులో ఉంది. రెండో జట్టులో 20 మందే. సైక్లోస్పోరిన్ ఆపాక చాలామందికి జబ్బు తిరగబెట్టింది. 2021 నాటి అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలలోనూ ఈ మందు ఉంది. అందరికీ పనిచేస్తుందని ఎవరూ అనలేదు. రుజువు అంటే అందరికీ నయం కావడం కాదు, వేరే చికిత్సతో పోల్చి లెక్క చూపగలగడం. పైగా మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లు బీమా నియంత్రణ సంస్థ పాలసీల్లో ఉండాలన్న ఆధునిక చికిత్సల జాబితాలోనే ఉన్నాయి. ఉపపరిమితి పెట్టవచ్చు గానీ, మొత్తంగా కాదనడం కుదరదు. తిరస్కరణ రద్దు చేసి, పాలసీలోని ఉపపరిమితి మేరకు చెల్లించాం.

ఆ అప్పీలును నిలబెట్టింది నెఫ్రాలజిస్టు రాసిన ఒక పేజీ లేఖ. ఏ మందులు ఎన్నాళ్లు వాడారు, ఇప్పుడు పరీక్షల్లో ఏముంది, ఈ మందే ఎందుకు అన్నవి వరుసగా రాసి, ట్రయల్ వ్యాసాన్నీ మార్గదర్శకంలోని పేజీనీ జతచేశారు. మొదటి ఫైల్లో ‘డాక్టర్ సలహా మేరకు’ అన్న ఒక్క ముక్కే ఉంది. ఫైలు చూసేవాడికి రోగి కనిపించడు, కాగితాలే కనిపిస్తాయి.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి తిరస్కరణ వస్తే, లేఖలో ఏ షరతు కింద కాదన్నారో చూడండి. 2024 నుంచి క్లెయిమ్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమూ తిరస్కరించకూడదు. డాక్టరు లేఖతో కంపెనీకి ఫిర్యాదు చేయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.