పద్దెనిమిది ట్రక్కులు ఎక్కడికి పోయాయి?

కిందటి నెల మావారికీ, మాకు బుసక తోలిన ట్రాక్టరు అబ్బాయికీ పెద్ద గొడవ జరగబోయి ఆగింది. మూడు ట్రక్కులు ఎగ్గొట్టాడని ఈయన అనుమానం. అసలు ఆ మూడూ ఎక్కడికి పోయాయో తెలిశాక నాకే నవ్వొచ్చింది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మీలోనూ ఉంటారు కదా, అందుకే రాస్తున్నాను.

తెనాలి దగ్గర మా మామగారిచ్చిన స్థలంలో ఇల్లు మొదలుపెట్టాం. పునాది గోడలు నేల నుంచి మూడడుగులు లేచాయి, ప్లింత్ బీమ్ పోశారు. ఇక గదుల లోపల నింపాలి. పునాది గుంటలు తవ్వినప్పుడు వచ్చిన నల్లమట్టి బయట కుప్పగా ఉంది. అందులో మిగిలింది గదుల్లోకి తోసేద్దామన్నాడు మేస్త్రి. వద్దన్నాను. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి బీటలిస్తుంది. మా పెరట్లో ఏటా చూస్తున్నదే, దాన్ని తెచ్చి టైల్స్ కింద ఎలా పెట్టుకుంటాం? మా వైపు నింపడానికి బుసక వాడతారు. అదీ ఇసుకే, కాకపోతే మరీ సన్నం.

మావారు కరెంటు బిల్లు వెనక లెక్క వేశారు. గోడలు వదిలేసి గదుల లోపలి కొలతలు మాత్రమే తీసుకున్నారు. హాలు 260 చదరపుటడుగులు, రెండు పడగ్గదులు 264, వంటిల్లు 140, పూజగది, బాత్రూమ్ కలిపి 36. మొత్తం 700. పైన కాంక్రీటు బెడ్డుకీ, టైల్స్‌కీ అరడుగు వదిలితే నింపాల్సిన ఎత్తు రెండున్నర అడుగులు. 700ని రెండున్నరతో గుణిస్తే 1750 ఘనపుటడుగులు. ట్రక్కు లోపల పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఇరవయ్యొక్క అంగుళాల లోతు, అంటే 105 ఘనపుటడుగులు. పదిహేడు ట్రక్కులు చాలు, ఎందుకైనా మంచిదని పద్దెనిమిది చెప్పారు. ఒక్కోటి పద్దెనిమిది వందలు.

మూడు రోజులు తోలారు. ట్రక్కు వచ్చినప్పుడల్లా నేను గోడ మీద సుద్దతో గీత పెట్టాను. తొమ్మిదేసి అంగుళాల పొర వేయడం, నీళ్లు పెట్టడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ పొర. పద్దెనిమిదో ట్రక్కు అయ్యాక గోడకి కొట్టిన నీలం దారం గుర్తు దగ్గర చూస్తే, అన్ని గదుల్లోనూ నాలుగంగుళాలు తక్కువ!

"చూశావా, మోసం!" అన్నారు ఈయన. గోడ మీద గీతలు పద్దెనిమిదీ ఉన్నాయి. ప్రతి ట్రక్కూ అంచుదాకా నిండి ఉండటం నేను చూశాను. మరి తేడా ఎక్కడ?

మా బాబాయి ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఫోన్ చేశాను. అంతా విని ఒక్కటే అడిగారు. "అమ్మాయ్, మీ ఆయన గదిని కొలిచాడు, ట్రక్కునీ కొలిచాడు. ట్రక్కులో ఉన్న బుసకా, నీళ్లు పెట్టి దిమ్మిస వేసిన బుసకా ఒకటేనా?"

అరిసెలకి తడిపిండి పట్టించినప్పుడు చూడండి. జల్లించిన పిండి గిన్నె నిండా పొంగి కూర్చుంటుంది. చేత్తో అదిమితే గిన్నెలో అంత ఖాళీ వస్తుంది. కాస్త తడిగా ఉన్న ఇసుక కూడా అంతే. రేణువుల మధ్య పట్టిన తడి వాటిని దగ్గరికి రానివ్వదు, ఎడంగా పట్టి ఉంచుతుంది. అదే నీళ్లు బాగా పెట్టేస్తే ఆ పట్టు వదిలి సర్దుకుంటుంది. సన్నటి ఇసుక మరీ ఎక్కువ ఉబ్బుతుందట. రేవు నుంచి తడితడిగా వచ్చిన బుసక ట్రక్కులో నిండుగా కనబడటం అందుకే.

ఎంత తగ్గుతుందో నువ్వే చూసుకో అని బాబాయి ఉపాయం చెప్పారు. పాత పెయింటు డబ్బా, పైనా కిందా ఒకే వెడల్పు ఉన్నది తీసుకుని అడుగున మేకుతో చిల్లులు పెట్టాను. గేటు దగ్గర మిగిలిన బుసకని అదమకుండా పోసి పన్నెండు అంగుళాల దగ్గర సమం చేశాను. తర్వాత నీళ్లు పోసి, రోకలితో మెల్లగా కొట్టి, నీరు కిందికి దిగిపోయేదాకా ఆగాను. స్కేలు పెడితే తొమ్మిదిన్నర. అంటే సుమారు ఐదో వంతు మాయం. ట్రక్కులో ఐదు పాళ్లు వస్తే గదిలో మిగిలేది నాలుగే.

ఇప్పుడు లెక్క వేశాం. పద్దెనిమిది ట్రక్కులకి 1890. అందులో ఐదింట నాలుగు వంతులు 1512. 700 తో భాగిస్తే రెండడుగుల రెండంగుళాలు. కావలసింది రెండున్నర. సరిగ్గా ఆ నాలుగంగుళాలే! ట్రాక్టరు అబ్బాయి చిటికెడు కూడా తినలేదు.

"అయితే మొదటే ఐదో వంతు కలుపుకుంటే పోయేది. 1750కి 350 కలిపితే 2100, ఇరవై ట్రక్కులు" అన్నారు మావారు. నేనూ సరే అన్నాను. బాబాయి ఒప్పుకోలేదు. ఐదు మానికల పిండి అదిమితే నాలుగు మానికలు అవుతుందనుకోండి. నాలుగు కావాలంటే ఐదు పోయాలి. నాలుగుకి దాని ఐదో వంతు కలిపితే ఐదుకి చాలదు కదా! అందుకని 1750ని నాలుగుతో భాగించి ఐదుతో గుణించాలి. 2187 వస్తుంది. ఇరవయ్యొక్క ట్రక్కులు. పైపైన కలిపితే ఒక ట్రక్కు తక్కువ పడుతుందన్నమాట.

అప్పుడు మేస్త్రి ఒక మాట అన్నాడు. "అన్ని నీళ్లు పెట్టించకపోతే ఆ పద్దెనిమిదే సరిపోయేవమ్మా." నిజమే. అదమకుండా పోస్తే 1890 ఆ గదుల్లో రెండడుగుల ఎనిమిదంగుళాల ఎత్తు వచ్చేది. రెండంగుళాలు ఎక్కువే! చూసి సంతోషపడేవాళ్లం.

ఆ మాటకి నా గుండె గుభేలుమంది. మా పుట్టింట్లో జరిగింది అదే. గృహప్రవేశం నాటికి నేల అద్దంలా ఉంది. రెండు వానాకాలాలు గడిచాక హాల్లో టైల్స్ మీద నడుస్తుంటే కింద డొల్ల చప్పుడు. గోడవారన స్కర్టింగు కింద వేలు పట్టేంత సందు. తర్వాత ఒక టైలు పక్కదానికంటే పైకి లేచింది, దానికి కాలు తగిలి అమ్మ పడింది. మణికట్టు విరిగింది. నేల పగలగొట్టి చూస్తే కాంక్రీటు బెడ్డు కింద బెత్తెడు ఖాళీ. నింపేటప్పుడు దిగాల్సిన ఇసుక, మనుషులు తిరగడం మొదలుపెట్టాక, బాత్రూమ్ నీరు చేరాక దిగింది. నింపిన రోజున ఎవరికీ ఏమీ తక్కువ కనబడలేదు.

అందుకే మరో మూడు ట్రక్కులు చెప్పించాను. ఈసారి నేనే కర్ర పట్టుకుని నాలుగు మూలలా, మధ్యలో గుచ్చి చూశాను. దారిలో కుదుపులకి కూడా కొంత దిగుతుంది కాబట్టి కొలత మన గేటు దగ్గరే వేయాలి. ఆ ట్రక్కులో అంగుళం తక్కువైతే ఐదు ఘనపుటడుగులు పోయినట్టు. ఒకటి మూడంగుళాలు తక్కువ వచ్చింది, పదిహేను తగ్గించి మూడూ కలిపి 300 రాసుకున్నాను. మాకు కావలసింది 297.

ఆఖరి పొర మీద నీళ్లు పెట్టి, దిమ్మిస వేశాక బుసక నీలం గీతని అందుకుంది. మావారు ఏమీ అనలేదు. ట్రాక్టరు అబ్బాయికి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, "టీ తాగి వెళ్లు బాబూ" అన్నారు. మర్నాడు బెడ్డు వేస్తామన్నాడు మేస్త్రి. నేను రెండు రోజులు ఆగమన్నాను. పైన ఇంకోసారి నీళ్లు పెట్టించి, గీత దగ్గర చూశాను. దిగలేదు.