పవర్ లేదు... అయినా కళ్లజోడు తియ్యను!

నా ఎడమ కన్ను ప్లాస్టిక్‌ది. అందరూ గాజు కన్ను అంటారు కానీ, నాది అక్రిలిక్‌తో చేసింది. పదకొండేళ్లప్పుడు బిళ్లంగోడు ఆడుతుంటే బిళ్ల ఎగిరొచ్చి తగిలింది. కన్ను తీసేయాల్సొచ్చింది. ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిది. ఆఫీసులో విషయం తెలియగానే ఎవరైనా అడిగేది ఒకటే... ‘రాత్రి తీసి నీళ్లలో పెడతావా?’

పెట్టను. పడుకున్నా అది కంట్లోనే ఉంటుంది. మాటిమాటికీ తీస్తే లోపలి పొర ఒరుసుకుని ఊసులు ఎక్కువవుతాయి. ఈ కన్ను తయారుచేసిన ఆక్యులరిస్ట్ నాకు నెలకోసారి చాలన్నారు.

ఆ రోజు చేతులు కడుక్కుని, జారిపడినా దెబ్బ తగలకుండా టేబుల్ మీద మెత్తటి టవల్ పరుస్తా. పైకి చూస్తూ కింది రెప్పను కిందికి లాగి, కన్ను అంచు దగ్గర వేలితో నొక్కితే జారి అరచేతిలోకి వస్తుంది. గోరువెచ్చని నీళ్లు, ఘాటులేని సబ్బుతో వేళ్లతోనే రుద్దుతా. శానిటైజర్, స్పిరిట్ అస్సలు తగలనివ్వను. ఆల్కహాల్‌కి అక్రిలిక్ సన్నగా పగుళ్లిస్తుంది. సబ్బంతా పోయేలా కడిగి, తడిగానే పై రెప్ప కింద దూర్చి, కింది రెప్పను లాగి వదిలితే కూర్చుంటుంది.

రోజువారీ పని చిన్నదే. ఊసుల్ని కళ్లు మూసుకుని ముక్కు వైపుకే తుడవాలి. చెవి వైపుకి తుడిస్తే కన్ను పక్కకి తిరగొచ్చు, ఊడిపోనూవచ్చు. ఏసీలో గంటలకొద్దీ స్క్రీన్ చూస్తే ఆరిపోతుంది కాబట్టి డాక్టర్ రాసిన చుక్కలు వేసుకుంటా.

పోయిన వేసవిలో ఊసులు ఎక్కువయ్యాయి. తెల్లగా, తీగలా వచ్చేవి. నొప్పి లేదు, వాపు లేదు. కడిగినా తగ్గలేదు. ఆక్యులరిస్ట్ కన్నుని లైటు కింద తిప్పి చూపించారు. మెరుపు పోయింది, సన్నటి గీతల్లో మసక పొర పట్టింది. కన్నీళ్లలో ఉండే ప్రొటీన్లు అలా అతుక్కుంటాయట. మిషన్ మీద పాలిష్ పట్టాక వారంలో తగ్గింది. అప్పట్నుంచి ఏటా పాలిష్ చేయిస్తున్నా. అవే ఊసులు పచ్చగా, వాసనతో వచ్చినా, రక్తం కనిపించినా, నొప్పి ఉన్నా పాలిష్‌తో పోయేది కాదు. నేరుగా కంటి డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ఇక కుడి కన్ను. చూపు బాగానే ఉంది, పవర్ లేదు. అయినా లేచిన దగ్గర్నుంచి కళ్లజోడు ఉండాల్సిందే. లెన్సులు పాలికార్బొనేట్‌వి. దెబ్బ తగిలినా గాజులా ముక్కలవ్వవు. బండి మీద హెల్మెట్ అద్దం కిందికే ఉంటుంది. గోడకి డ్రిల్లింగ్ చేసినా, పక్కింటివాళ్లు టపాసులు కాల్చినా పక్కలు కూడా మూసే గాగుల్స్ పెట్టుకుంటా. మామూలు జోడుకి పక్కన సందులుంటాయి కదా!

ఇంకో భయమూ ఉంది. ఒక కంటికి లోతైన గాయమైతే, శరీర రక్షణ వ్యవస్థ రెండో కంటి మీద దాడి చేయొచ్చు. చాలా అరుదు, కానీ ఏళ్ల తర్వాతైనా రావచ్చు. అందుకే కుడి కన్ను ఎర్రబడినా, మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా అదే రోజు డాక్టర్‌కి చూపిస్తా. మీటింగ్ ఉంటే, మీటింగే వాయిదా!