తొంభై సెకన్ల లక్క గాజు

లాడ్ బజార్ లక్క గాజుల మీద తొంభై సెకన్ల యానిమేషన్ సినిమా. బృందంలో దర్శకురాలితో కలిపి నలుగురే. పని మొదలయ్యే ముందు ఆమె మిగతా ముగ్గురికీ ఒక పేజీ ఉత్తరం రాసింది.

మొదటి మాట సినిమా స్వభావం గురించి. చార్మినార్ ఒక్క షాట్‌లోనే కనిపిస్తుంది. కథ నడిపేవి గాజు చేసే చేతులు. నిప్పుల సెగకు మెత్తబడిన లక్క చల్లారితే గట్టిపడుతుంది. అద్దాలు, రాళ్లు ఆలోపే పొదగాలి. ఆ తొందర తెర మీద కనిపించాలి.

అక్కడే గడువు లెక్క మారింది. సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 2160. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే 1080 బొమ్మలు చాలు. ఇద్దరు యానిమేటర్లు రోజుకు చెరో 18 గీస్తే 30 పనిదినాలు. కానీ వేగంగా కదిలే చేతులకు ప్రతి ఫ్రేమూ కొత్తగా గీయాలి. అలాంటి పది సెకన్లకే అదనంగా 120 బొమ్మలు, అంటే మూడు రోజులకు పైగా పని. ఆమె దాన్ని ముందే కలిపి రాయడం మంచి పని.

హైదరాబాద్‌లోనే పుట్టి 2008లో పోగోలో మొదలైన ఛోటా భీమ్ లాంటి సిరీస్‌లో పాత్రలు, నేపథ్యాలు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు.

మూడో సభ్యుడిది స్టోరీబోర్డు, నేపథ్యాలు; కూర్పు, శబ్దం దర్శకురాలివి. స్టోరీబోర్డు బొమ్మలను నిడివి ప్రకారం పేర్చిన యానిమాటిక్ రెండు వారాల్లో ఖాయం కావాలి. ఆ తర్వాత నాలుగు సెకన్ల షాట్ తీసేస్తే కనీసం 48 బొమ్మలు వృథా. అందుకే అభ్యంతరాలన్నీ ఆ రెండు వారాల్లోనే చెప్పమని ఆమె కోరింది.