పుట్టినతేదీ తారుమారైతే

మా బావ టర్మ్ పాలసీ షెడ్యూల్లో పుట్టినతేదీ 03-12-1984 అని ఉంది. అసలుది 12-03-1984. రోజూ నెలా తారుమారయ్యాయి, అంతే. కానీ పాలసీ మొదలైంది 2019 జూన్‌లో. అప్పటికి నిండిన వయసు 35 అయితే, కంపెనీ లెక్కలో 34. అంటే ఇన్నేళ్లూ ఓ ఏడాది చిన్నవాడి ప్రీమియమే కట్టాడు.

"తక్కువేగా, ఊరుకుందాం" అన్నాడు. మూడేళ్లు దాటితే పాలసీని ప్రశ్నించలేరని ధీమా. బీమా చట్టం సెక్షన్ 45 అలా అంటుంది గానీ, వయసు రుజువు అడిగి షరతులు సవరించుకునే వీలు కంపెనీకి అదే సెక్షన్ మిగిల్చింది. ఆ లెక్క క్లెయిమ్ రోజున అక్క ముందుకొస్తుంది.

అందుకే కూర్చోబెట్టి ఉత్తరం రాయించాను: పాలసీ నంబరు, అచ్చయిన తేదీ, సరైన తేదీ, పదో తరగతి సర్టిఫికెట్ నకలు. మొదటినుంచీ పడే తేడా ఎంతో లిఖితపూర్వకంగా చెప్పమని, సవరణను ఎండార్స్‌మెంట్‌గా ఇమ్మని అడిగాం. ప్రపోజల్ ఫారంలో తేదీ సరిగ్గానే ఉంది, పొరపాటు వాళ్ల ఎంట్రీలోది. కాబట్టి తేడా కడతాం, వడ్డీ మాత్రం వేయొద్దన్నాం.

మీ షెడ్యూలు కూడా ఓసారి తీసి చూడండి. 12 లోపు తేదీన పుట్టినవాళ్లు మరీను.