ఎడమ కంటి నీళ్ళు

మా అమ్మ ఎడమ కన్ను రెండేళ్ళు కారుతూనే ఉంది. పెళ్ళిళ్ళలో కారేది, టీవీ ముందు కారేది, ఉల్లిపాయలు తరిగినా తరగకపోయినా కారేది. "ఏంటి వదినా, కోడలేమన్నా అందా?" అని పక్కింటావిడ అడిగిన దగ్గర్నుంచి అమ్మ పేరంటాలకు వెళ్ళడం తగ్గించింది. మన కథల్లో కన్నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో బోలెడంత రాశారు. ఎటు పోతాయో రాసినవాళ్ళు నాకు తగల్లేదు.

కంటి లోపలి మూల దగ్గర, పై రెప్పకొకటి కింది రెప్పకొకటి, సూదిమొనంత రంధ్రాలుంటాయి. అక్కణ్ణుంచి సన్న కాలువలు, ముక్కు పక్కన ఎముక గుంటలో చిన్న సంచి, ఆ సంచి కింద ముక్కులోకి దిగే గొట్టం. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. నడివయసు దాటాక, ఆడవాళ్ళలో ఎక్కువగా, ఆ గొట్టం లోపలి పొర వాచి వాచి మూసుకుపోతుంది. ఎందుకో చాలాసార్లు తేలదు.

అమ్మ సంగతి శుక్లాల ఆపరేషన్‌కి ముందు పరీక్షల్లో బయటపడింది. డాక్టరు కింది రంధ్రంలోంచి మొన మొద్దుగా ఉన్న సన్న సూదితో ఉప్పునీళ్ళు ఎక్కించారు. దారి బాగుంటే గొంతులో ఉప్పగా తగలాలి. తగల్లేదు. నీళ్ళు చీముతో కలిసి పై రంధ్రంలోంచి వెనక్కొచ్చాయి. అంటే కాలువలు తెరిచే ఉన్నాయి, అడ్డు సంచి కింద ఉంది. (కాలువలే పూడిపోయి ఉంటే ఈ ఆపరేషన్ ఒక్కటీ సరిపోదు.) "ముందు దీని సంగతి చూడాలమ్మా. ఇంత చీము పక్కన పెట్టుకుని శుక్లం తీస్తే, ఇన్ఫెక్షన్ లోపలికి పోయి చూపే పోవచ్చు" అన్నారు.

గొట్టాన్నే పొడిచి తెరవచ్చు కదా అన్నాను. పసిపిల్లల్లో అడ్డుపడేది పల్చటి పొర కాబట్టి అలా చేస్తారట. పెద్దవాళ్ళలో గొట్టమే మచ్చకట్టి ఉంటుంది, తెరిచినా మళ్ళీ మూసుకుంటుంది. అందుకే దాన్ని అలాగే వదిలేసి, సంచికి నేరుగా ముక్కులోకి కొత్త దారి పెడతారు. డీసీఆర్ అంటారు. 1904లో ఇటలీలో టోటీ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ముక్కు పక్కన చిన్న కోత పెట్టి, సంచికీ ముక్కుకీ మధ్య ఎముకని కొంచెం కొంచెంగా కొరికి తీస్తారు. తర్వాత సంచి గోడనీ ముక్కు లోపలి పొరనీ తలుపు రెక్కల్లా కోసి, ఒకదానికొకటి కుడతారు. ఎండోస్కోపుతో ముక్కులోంచే చేస్తే మొహం మీద మచ్చ కూడా ఉండదు.

ఈ కుట్టడం వెనక నాకు నచ్చిన సంగతొకటుంది. మామూలుగా గాయం మానాలని కోరుకుంటాం. ఇక్కడ రంధ్రం మానిపోవడమే ఆపరేషన్ ఫెయిలవడం. పచ్చి అంచులు మిగిలితే శరీరం వాటిని కలిపేసుకుంటుంది. పొరకి పొర కుడితే కలిపేందుకు పచ్చి అంచు పెద్దగా మిగలదు. అమ్మకి అదనంగా సన్న సిలికాన్ ట్యూబు కూడా వేశారు. కొన్నాళ్ళు ముక్కు చీదొద్దన్నారు, రక్తం కారొచ్చని.

ట్యూబు తీసేశాక మళ్ళీ ఉప్పునీళ్ళు ఎక్కించారు. "ఉప్పగా ఉందిరా" అంది అమ్మ, మొహం చిట్లించి. శుక్లాల ఆపరేషన్‌కి డేటిచ్చారు. ఇప్పుడు ముక్కు చీదితే కంటి మూలలోంచి గాలి వస్తోందని కంప్లైంటు చేస్తుంటుంది. దారి తెరిచే ఉందనడానికి అది గుర్తని డాక్టరు అంటారు.