పచ్చ గడిలో వరద

మా మినీ ప్రాజెక్ట్ కర్నూలు పాతబస్తీలో ఒక లైబ్రరీకి సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ కింది అంతస్తులో, బ్యాకప్ డిస్క్ దాని పక్కనే. రివ్యూకి రిస్క్ మ్యాట్రిక్స్ నేనే చేశా. జరిగే అవకాశానికీ నష్టానికీ 1 నుంచి 5 దాకా మార్కులేసి గుణించా. కరెంటు పోవడం 5×1, వరద 1×5. రెండూ 5 అయ్యేసరికి రెంటికీ పచ్చరంగే పడింది.

"2009 అక్టోబర్‌లో తుంగభద్ర ఊళ్లోకొచ్చింది. అదీ పచ్చేనా?" అన్నారు మేడమ్.

లెక్క కరెక్టే, కానీ గుణకారం నష్టాన్ని దాచేసింది. అందుకే లిస్టు తీసేసి గళ్ల పటం గీశాం: అడ్డంగా అవకాశం, నిలువుగా నష్టం. నష్టం 5 ఉన్న వరుస మొత్తం ఎరుపే, అవకాశం ఎంతైనా సరే. పద్నాలుగు రిస్కుల్లో మూడింటినే పేర్లతో రాశాం, మిగతావి ఉత్త నంబర్లు. డిస్క్ పాడవడం 4×4, అది పై మూలకెళ్లింది.

ఓనర్ దగ్గర మొదట "టీమ్" అని రాశా. టీమ్ అంటే ఎవరూ కాదు కదా! ఒక క్లాస్‌మేట్ పేరు పెట్టి, చేయాల్సిన పని పక్కనే రాశా: ప్రతి శుక్రవారం కాపీ తీసి డిస్క్ ఇంటికి తీసుకెళ్లాలి, సుంకేసుల నుంచి వరద హెచ్చరికొస్తే కంప్యూటర్ మేడ మీదికెక్కించాలి.

స్లైడ్ చూసి వాడడిగాడు: "ఇది నేనా? నాకెవరు చెప్పారు?"