ఊళ్ళో ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ కొనేముందు మేం చేసిన తప్పు

ఇది కొంచెం పెద్ద పోస్టే. ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో కరెంటు ఎగుడుదిగుడుగా ఉండేవాళ్ళు మాత్రం ఓపిగ్గా చదవండి.

మేం నలుగురం ఒకే ఇంట్లో అద్దెకుంటాం. మాలో ఒకడిది పొదిలి వైపు పల్లె. వాళ్ళమ్మగారికి షుగర్, ఇన్సులిన్ వాడతారు. వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఆ ఇంట్లో ఫ్రిజ్ అంటే పెరుగు గిన్నెల కోసం కాదు. రెండు వేసవుల కింద ఆ ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోయింది. కొత్తది కొన్నాం, దాంతోపాటు ఇక్కణ్ణించే ఆన్‌లైన్‌లో ఒక స్టెబిలైజర్ పంపాం. డబ్బాల మీద ఉన్న రేంజ్‌లు చూసి, అన్నిటికన్నా కిందకి, 90 వోల్టుల దాకా పనిచేస్తుందని రాసినదాన్ని ఎంచుకున్నాం. రేంజ్ ఎంత పెద్దదైతే అంత మంచిదనే లెక్క మాది.

పది రోజులకే ఫోన్. "ఒరేయ్, అది టక్ టక్ అంటోంది రా. ఫ్రిజ్ ఊఁ అని మూలిగి ఆగిపోతోంది" అన్నారు అమ్మ. ఇన్సులిన్ పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించి, డబ్బా ఫొటో పంపమన్నాం. అప్పుడు కనిపించింది, చిన్న అక్షరాల్లో "టీవీ కోసం, 3 ఆంపియర్లు" అని. తప్పు కంపెనీది కాదు, మాదే.

ఫ్రిజ్ నడిచేటప్పుడు తీసుకునే కరెంటు తక్కువే, 250 లీటర్ల పాత రకానికి ఒక ఆంపియర్, ఆ పైన కొంచెం. కానీ కంప్రెసర్ స్టార్టయ్యే ఆ ఒక్క క్షణం దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. టీవీ స్టెబిలైజర్‌లో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దానికి తట్టుకోలేదు. అవుట్‌పుట్ పడిపోతుంది, మోటారు తిరగలేక మూలుగుతుంది, ఓవర్‌లోడ్ 'టక్' మని తెంపుతుంది, చల్లారాక మళ్ళీ మొదలు. ఆ మూలుగులోనే వైండింగ్ వేడెక్కి కాలేది. ఇంకోటి, కరెంటు పోయి వచ్చిన వెంటనే కంప్రెసర్ తిరగకూడదు, లోపల గ్యాస్ ప్రెషర్ సర్దుకోవాలి. అందుకే ఫ్రిజ్ స్టెబిలైజర్లలో మూడు నిమిషాల దగ్గరగా ఆగి కరెంటు ఇచ్చే 'టైమ్ డిలే' ఉంటుంది. టీవీవాటిలో అంత ఆలస్యం ఉండదు, అవసరమూ లేదు.

ఈసారి కొనేముందు కొలిచాం. మాలో ఒకడు యాష్‌బర్న్‌లో డేటా సెంటర్‌లో టెక్నీషియన్. రాత్రంతా వాడి పని కరెంటు రీడింగులు చూడటమే. "అక్కడ సర్వర్లకి ఇంత చేస్తాం, ఇన్సులిన్‌కి చెయ్యమా" అని వాడే మొదలెట్టాడు. సాకెట్‌లో గుచ్చితే వోల్టేజీ అంకెల్లో చూపించే చిన్న మీటర్ ఊళ్ళో ఎలక్ట్రికల్ షాపులో దొరికింది. నాన్నగారు నాలుగు రోజులు, పూటకో ఫొటో వాట్సాప్‌లో పెట్టారు. రాత్రి పదకొండింటికి 248. మధ్యాహ్నం 205. సాయంత్రం ఏడింటికి 172. పొలాలకి త్రీఫేజ్ కరెంటు వదిలిన నిమిషంలో 146! బోర్లన్నిటికీ ఆటో స్టార్టర్లు ఉంటాయి కదా, కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. కాసేపటికి 165కి తేరుకునేది. ఉండాల్సింది 230.

పక్కింట్లో కూడా అదే మీటర్ పెట్టి చూడమన్నాం. ఇది మర్చిపోకండి. అక్కడ బాగుండి మనింట్లోనే తక్కువుంటే మీటరు దగ్గరో, సర్వీసు వైరు దగ్గరో లూజ్ కనెక్షన్ ఉండొచ్చు. దానికి స్టెబిలైజర్ పెడితే వైరు ఇంకా వేడెక్కుతుంది, ఎందుకంటే తక్కువ వోల్టేజీని పెంచి ఇవ్వడానికి అది లైన్‌లోంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. 1912కి ఫోన్ చేసి ముందు ఆ లూజ్ బాగుచేయించాలి. మావాళ్ళకి రెండిళ్ళలోనూ ఒకటే లెక్క వచ్చింది, అంటే లైన్‌దే లోపం.

మరి రేంజ్ ఎంత కావాలి? కనిపించిన అతి తక్కువ 146. ఫొటో తీయని వేళ ఇంకా పడి ఉండొచ్చు, ఫ్రిజ్ లేచినప్పుడు ఇంకాస్త పడుతుంది. పదిహేను వోల్టులు వదిలేస్తే 130 దగ్గర మొదలయ్యేది కావాలి. పైన 248 ఉంది కాబట్టి 280, 290 దాకా ఉన్నది చాలు. ఇక్కడొక మెలిక ఉంది. డబ్బా మీద 'వర్కింగ్ రేంజ్' లోపలికొచ్చే వోల్టేజీ మాత్రమే. ఆ వోల్టేజీకి బయటకి ఎంత ఇస్తుందో 'అవుట్‌పుట్' అని వేరే రాసుంటుంది. 200 నుంచి 240 లోపు రాసుంటే ఫ్రిజ్‌కి నిశ్చింత. కింది అంకె పెద్దగా రాసి అవుట్‌పుట్ ఊసే ఎత్తని డబ్బా వద్దు. రేంజ్ దాటితే కట్ అయ్యేలా ఉందా, అంటే హై, లో కట్-ఆఫ్ రెండూ ఉన్నాయా అనీ అడగండి. 170 దగ్గర మొదలయ్యే రకాన్ని మా ఊరి లైన్‌కి పెడితే, సాయంత్రాలు ఫ్రిజ్ కాలదు గానీ నడవనూ నడవదు.

బ్రాండ్ సంగతి. వి-గార్డ్ కొచ్చిలో 1977లో స్టెబిలైజర్లతోనే మొదలైన కంపెనీ. మైక్రోటెక్ కూడా మన షాపుల్లో దొరుకుతుంది. కానీ ఏ కంపెనీకైనా ఒకే రేంజ్ ఉండదు. అందుకని పేరు తర్వాత, ముందు అంకెలు. అంకెలు సరిపోయిన రెండు మూడింటిలో, పొదిలి షాపాయన "పాడైతే నా దగ్గర పెట్టండి, నేను పంపిస్తా" అన్నదాన్ని తీసుకున్నాం. ఫ్రిజ్ లీటర్లు చెప్పి, 'రిఫ్రిజిరేటర్' అని రాసున్నదే, టైమ్ డిలే ఉన్నదే. బిల్లు, వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించాం. అమెరికాలో కూర్చుని ఆన్‌లైన్‌లో కొంటే ఈ వెసులుబాటు ఉండదు. (ఇక్కడి దుకాణాల్లో 120 వోల్టులవి చూసి సూట్‌కేసులో వేసుకెళ్ళకండి, అక్కడికి పనికిరావు.)

కొత్త ఇన్వర్టర్ ఫ్రిజ్‌ల మీద స్టెబిలైజర్ అక్కర్లేదని రాస్తున్నారు. అబద్ధం కాదు, కానీ పక్కనే ఒక రేంజ్ కూడా రాస్తారు. ఇంట్లో కొలిచిన అంకెలు దానిలోపల ఉంటే ఖర్చు పెట్టకండి.

టీవీ దగ్గరకొస్తే, వెనక స్టిక్కర్ చూడండి. వాళ్ళ టీవీ మీద 100 నుంచి 240 అని ఉంది. 146 కాదు, 110 వచ్చినా అది చక్కగా ఆడుతుంది. లో వోల్టేజీ కోసం దానికి స్టెబిలైజర్ దండగ. దానికి భయం పైనుంచే. న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 350 కూడా రావచ్చు, అప్పుడు ప్లగ్గులో ఉన్నవన్నీ పోతాయి. అందుకని టీవీకి వేరే పెట్టకుండా, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజీ ప్రొటెక్టర్ పెట్టించాం. పిడుగుకి మాత్రం ఇవేవీ ఆగవు, ఉరుములు మొదలవకముందే ప్లగ్గు పీకడమే.

ఆ టీవీ స్టెబిలైజర్ ఇంకా అటక మీదే ఉంది. ఊళ్ళో ఎవరికైనా 90 దాకా పడే లైన్, పాత డబ్బా టీవీ ఉంటే చెప్పండి, ఇచ్చేస్తాం. కొత్తది పెట్టి పద్నాలుగు నెలలైంది. ఇన్సులిన్ పక్కింటి ఫ్రిజ్‌లోంచి తిరిగొచ్చింది. నాన్నగారు మాత్రం మానలేదు, ఇక్కడ మేం పొద్దున తొమ్మిదిన్నరకి పనిలో ఉంటే, అక్కడ రాత్రి ఏడింటి రీడింగ్ ఫొటో ఇప్పటికీ వస్తుంది. నిన్న 178.